మూడు వందలకు మూడేళ్లు తక్కువ

దేవుడు మనుషుల్ని ఒక్కొక్కరిగా చూస్తాడా, అందర్నీ కలిపి ఒకే లెక్కగా చూస్తాడా అన్న అనుమానం అల్లుడికి చాలా ఏళ్లుగా ఉంది. రోజూ పంపుహౌసు తాళం తీసే ముందు కళ్లు మూసుకుని, “అందర్నీ చల్లగా చూడు స్వామీ” అనుకుంటాడు. అనుకున్నాక మనసులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. అందర్నీ అంటే ఎవర్ని? ఊరికి పంపిన నీళ్లను ఊరి జనాభాతో భాగించి, మనిషికి ఇన్ని లీటర్లు అందాయని ఆఫీసులో గోడ మీద రాస్తారు. ఆ అంకె ఎప్పుడూ బాగానే ఉంటుంది. పల్లంలో ఉన్న వీధికి మోటారు ఆపాక కూడా కుళాయి కారుతూనే ఉంటుంది, మెరక మీది వీధిలో ఆడవాళ్లు ఖాళీ బకెట్లతో కుళాయిని తిట్టుకుంటూ నిలబడి ఉంటారు. సగటున మాత్రం ఊరంతా స్నానం చేసినట్టే.

ఈ అనుమానం ఎవరితోనైనా చెబితే, “నీకు పని తక్కువైందిరా” అంటారని అతను చెప్పలేదు. భక్తి ఉన్నవాడికి అనుమానం ఉండకూడదని కొందరంటారు. ఉన్నవాడికే ఉంటుందని, లేనివాడికి అడగడానికి ఎవరున్నారని అతని ఉద్దేశం.

అల్లుడన్నది అతని పేరు కాదు. పెళ్లయిన కొత్తలో మామగారే అతన్ని నీటి సరఫరా వాళ్ల వాలీబాల్ జట్టులోకి తీసుకొచ్చి, “మా అల్లుడు” అని అందరికీ చూపించాడు. ఆ రోజు నుంచి ఆఫీసుకంతా అల్లుడే అయ్యాడు. తనకంటే పదేళ్లు పెద్దవాళ్లూ, ఎనిమిదేళ్లు చిన్నవాళ్లూ కూడా అల్లుడుగారూ అనే పిలుస్తారు. ఆ లెక్కన ఆయన ఆఫీసుకంతా మామగారు. పైపుల ఫిట్టరుగా చేసి రిటైరైనా ఆట మానలేదు. ఇప్పుడాయనకు అరవైతొమ్మిది.

పట్టణంలో ఆఫీసుల మధ్య ఏటా పెద్దల పోటీ జరుగుతుంది. పనిలో ఉన్నవాళ్లూ ఆడవచ్చు, రిటైరైనవాళ్లూ ఆడవచ్చు. నియమం ఒక్కటే. కోర్టులో ఉన్న ఆరుగురి సగటు వయసు ఏ క్షణంలోనూ యాభైకి తగ్గకూడదు. ఆరు యాభైలు మూడు వందలు కాబట్టి, పాయింట్లు రాసే బల్ల పక్కన ఒక నల్లబల్ల పెట్టి, దాని మీద ఒక్కో జట్టు ఆరుగురి వయసుల మొత్తం సుద్దముక్కతో రాస్తారు. ఒకరు దిగి మరొకరు ఎక్కినప్పుడల్లా ఆ అంకె తుడిచి కొత్తది రాస్తారు. చూసేవాళ్లు ముందు పాయింట్లు చూస్తారు, తర్వాత ఏళ్లు చూస్తారు.

ఆ ఏడు పోటీకి ముందు మీటర్ రీడరు వేరే ఊరికి మారిపోయాడు. అతనికి యాభైఎనిమిది. అతని స్థానంలో కొత్తగా చేరిన ఎలక్ట్రీషియన్ని తీసుకోవాలని జట్టు కెప్టెను ముచ్చటపడ్డాడు. కెప్టెను ఆఫీసు జీపు డ్రైవరు. ఎలక్ట్రీషియన్ ఎగిరితే మోచేయి నెట్టు పైకి వస్తుంది. మొదటిరోజే అతనికి స్ప్రింగు అని పేరు పెట్టేశారు. వయసు ముప్పైఆరు.

“అన్నీ బాగున్నాయి గానీ, ఇరవైరెండేళ్లు పడిపోతామే” అన్నాడు డ్రైవరు, పంపుహౌసు అరుగు మీద కూర్చుని టీ ఊదుకుంటూ. “యాభైఎనిమిది పోయి ముప్పైఆరు వస్తోంది. సగటు ముప్పైల్లోకి దిగిపోదూ?”

ల్యాబులో నీళ్లు పరీక్షించే కెమిస్టు కూడా ఆరుగురిలో ఒకడు. అతను నవ్వాడు. “ఆ ఇరవైరెండూ ఒక్కడి నెత్తిన పడవు కదండీ. ఆరుగురూ పంచుకోవాలి. మనిషికి మూడు చిల్లర. ఇంతకుముందు మన మొత్తం మూడు వందల ఇరవైఎనిమిది. ఇప్పుడు ఇరవైరెండు తీసేస్తే మూడు వందల ఆరు. ఆరుతో భాగిస్తే సరిగ్గా యాభైఒకటి.”

“అంటే సగటు నాలుగు కూడా తగ్గలేదా?”

“నాలుగు కూడా లేదు. మనం ఎవరమూ మారకపోతే ఏటా సగటు ఒక్కొక్కటి పెరుగుతుంది. ఈ కుర్రాడు రావడంతో జట్టు మూడున్నరేళ్లకు పైగా వెనక్కి వెళ్లింది. అంతే.”

“ఓహో, మూడున్నరేళ్లు చిన్నవాళ్లమయ్యామన్నమాట!” అన్నాడు డ్రైవరు.

స్టోర్సు చూసే ఆయన మోకాలు రుద్దుకుంటూ, “ఆ శుభవార్త ఎవరైనా దీనికి చెప్పండయ్యా, నా మాట వినదు” అన్నాడు.

అల్లుడు లోపల మోటారు మీటరు చూస్తూ ఈ మాటలు విన్నాడు. మామగారికి అరవైతొమ్మిది, స్టోర్సాయనకు యాభైఐదు, డ్రైవరుకు యాభైరెండు, కెమిస్టుకు యాభై, తనకు నలభైనాలుగు, స్ప్రింగుకు ముప్పైఆరు. సగటు యాభైఒకటి. ఆరుగురిలో యాభైఒక్కేళ్లవాడు ఒక్కడూ లేడు. లేని మనిషి ఒకడు వచ్చి జట్టుకు హామీ నిలబడ్డట్టుంది అనుకున్నాడు.

డ్రైవరు అక్కడితో ఊరుకోలేదు. సగటు రుచి తెలిశాక ఆగలేకపోయాడు. బెంచీ మీద ఉండే ఇద్దరినీ కలిపి కూడా వేశాడు. ఒకరు రిటైరైన వాచ్‌మన్, అరవై. ఇంకొకరు తోటమాలి, యాభైరెండు. ఎనిమిదిమందికీ కలిపి నాలుగు వందల పద్దెనిమిది వచ్చింది. “ఎనిమిదిమందికి నాలుగు వందలుంటే చాలు. మన చేతిలో పద్దెనిమిదేళ్లు మిగులు” అని తొడ చరిచాడు. అంకె తప్పు కాదు. అందుకే ఎవరూ కాదనలేదు.

* * *

మామగారిని మొదటి ఆరుగురిలో ఎందుకు ఉంచుతున్నారో ఆయనకు తప్ప అందరికీ తెలుసు. ఆయన వెనక వరసలో నిలబడితే, పక్కన పడ్డ బంతికి వంగేసరికి అది రెండోసారి ఎగిరి ఉంటుంది. కానీ ఆయన అరవైతొమ్మిది కోర్టులో ఉంటేనే స్ప్రింగు ముప్పైఆరు కూడా ఉండగలుగుతుంది. మామగారు మాత్రం తన సర్వీసు కోసం ఉంచుకున్నారనుకుంటాడు. పిడికిలితో కింద నుంచి కొట్టే పాతకాలపు సర్వీసు. బంతి పైకెళ్లి ఒక క్షణం ఆలోచించుకుని కిందికి దిగుతుంది.

“ఆ సర్వీసు ఎత్తడం ఇప్పటి కుర్రాళ్లకు రాదురా అల్లుడూ. నేను లేకపోతే మీకు మొదటి పాయింటే పుట్టదు.”

“అవును మామయ్యా” అంటాడు అల్లుడు. ఇది అబద్ధమా, మర్యాదా అన్నది అతని ఇంకో అనుమానం. అది చిన్నది.

ఫైనల్ రోజు పొద్దున, బూట్ల లేసులు కట్టుకుంటుంటే అతని భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో పిండి అంటుకుని ఉంది.

“ఏమండీ, నాన్నని మళ్లీ ఆడిస్తున్నారా?”

“ఆయనే ఆడుతున్నాడు. నేనెవర్ని ఆడించడానికి?”

“నాకు కబుర్లు చెప్పకండి. నిన్న మెట్లెక్కుతూ గోడ పట్టుకున్నాడు. అడిగితే గోడకు సున్నం ఎలా వేశారో చూస్తున్నానన్నాడు.” ఆమె నవ్వలేదు. “మీకు కావాల్సింది ఆయన ఆట కాదు. ఆయన వయసు. అది ఆయన చెవిన పడితే ఏమవుతుందో ఆలోచించారా?”

అల్లుడు లేసు ముడి విప్పి మళ్లీ వేశాడు. “ఎవరు చెబుతారు?”

“ఎవరూ చెప్పకపోయినా మీ డ్రైవరుగారి నోరుంది కదా. చిల్లు కుండ. అమ్మ పోయాక ఆయనకున్నది ఆ ఆట ఒక్కటే. మోకాలు నొప్పంటే ఒక్క క్షణం ఉంచకండి. కానీ పనికిరావని దింపినట్టు దింపకండి. నాకు రెండూ కావాలి.”

“రెండూ అంటే కష్టమే.”

“కష్టం కాబట్టే మీతో చెబుతున్నా. తేలికైతే నేనే చేసుకునేదాన్ని” అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

* * *

ఫైనల్ తపాలా వాళ్లతో పడింది. తపాలా వాళ్ల మొత్తం నల్లబల్ల మీద మూడు వందల తొమ్మిది. నీళ్లవాళ్లది మూడు వందల ఆరు. బల్ల దగ్గర కూర్చున్నది రిటైరైన హెడ్మాస్టరమ్మ. కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని, రెండు జట్లనూ ఐదో తరగతిని చూసినట్టు చూస్తోంది.

మొదటి సెట్టు నీళ్లవాళ్లు గెలిచారు. అల్లుడు బంతి లేపితే స్ప్రింగు ఎగిరి కొట్టాడు, తపాలా వాళ్లు బంతి ఎటు పోయిందో ఒకరినొకరు అడిగారు. రెండో సెట్టులో తపాలా వాళ్లు తెలివి తెచ్చుకుని బంతుల్ని మామగారి వైపు వేయడం మొదలుపెట్టారు. ఆ సెట్టు వాళ్లది. మూడోది పదిహేను పాయింట్ల సెట్టు. తొమ్మిదీ తొమ్మిదీ దగ్గర మామగారు ఒక బంతికి అడుగు పక్కకు వేశాడు. బంతి అందింది. కాలు అందలేదు. ఆయన కూర్చుండిపోయి, మోకాలు పట్టుకుని, నవ్వు మొహం పెట్టాడు.

“ఏం లేదు, ఏం లేదు. బూటు జారింది.”

అల్లుడు వెళ్లి లేపాడు. ఆయన బరువంతా అతని మీదే పడింది. బూటు జారినవాడు అంత బరువు వేయడు.

డ్రైవరు పరుగున బల్ల దగ్గరకు వెళ్లాడు. “అమ్మా, మార్పు. మామగారి బదులు వాచ్‌మన్‌గారు.”

హెడ్మాస్టరమ్మ సుద్దముక్క తీసుకుంది. కానీ రాయలేదు. “అరవైతొమ్మిది పోయి అరవై. తొమ్మిది తక్కువ. రెండు వందల తొంభైఏడు. కుదరదు.”

“అదేమిటమ్మా, మా దగ్గర పద్దెనిమిదేళ్లు మిగులున్నాయి!”

“ఎక్కడున్నాయి?”

“అందరికీ కలిపి. ఎనిమిదిమందికి.”

“బెంచీ మీద కూర్చున్నవాళ్ల ఏళ్లు బెంచీ మీదే ఉంటాయి నాయనా” అందావిడ. “లోపల ఉన్న ఆరుగురివే నా లెక్క. మీ మిగులు ఆరు. మీకు కావాల్సింది తొమ్మిది. మూడేళ్లు తక్కువ.”

“పెద్దమనిషికి దెబ్బ తగిలిందమ్మా! మూడేళ్ల దగ్గర పట్టుబడతారా?”

“దెబ్బకు జాలి పడతాను. మూడు వందలకు మాత్రం నేనేమీ చేయలేను. ఆరుగురూ ఉండాలి, మూడు వందలూ ఉండాలి. టైమ్ అవుట్ తీసుకుని ఆలోచించుకోండి.”

డ్రైవరు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. జట్టంతా గుంపుగా నిలబడింది. మామగారు ఒక కాలు మీద బరువు వేసి, అల్లుడి భుజం పట్టుకుని ఉన్నాడు.

“స్ప్రింగును దించి తోటమాలిని వేస్తే పదహారు పెరుగుతాయి. అప్పుడు మామగారిని దించొచ్చు” అన్నాడు కెమిస్టు.

“స్ప్రింగును దించితే కప్పు వాళ్ల చేతిలో పెట్టి దండం పెట్టి రావడమే” అన్నాడు డ్రైవరు. ఆత్రంలో నోరు జారింది. “మామగారు అలాగే నిలబడితే చాలు. బంతి ఆడక్కర్లేదు. ఆయన అరవైతొమ్మిది లోపల ఉండాలి గానీ, ఆయన ఆటెవరికి కావాలి?”

తపాలా వాళ్ల వైపు ఎవరో నీళ్ల సీసా మూత తిప్పుతున్న చప్పుడు వినిపించింది.

మామగారి చేయి అల్లుడి భుజం మీద అలాగే ఉంది. బరువు మాత్రం తగ్గింది. ఆయన రెండు కాళ్ల మీదా నిలబడటానికి ప్రయత్నిస్తున్నాడు.

“అంటే నా సర్వీసు కోసం కాదన్నమాట” అన్నాడు.

“సర్వీసు కూడాను మామగారూ” అన్నాడు స్టోర్సాయన గబగబా.

“ఆఁ. ‘కూడా’ బాగుంది.” ఆయన నల్లబల్ల వైపు చూశాడు. దాని మీద మూడు వందల ఆరు అలాగే ఉంది. “అందులో నావెన్ని అన్నదే ముఖ్యమన్నమాట. సరే. నిలబడమంటే నిలబడతాను. స్తంభానికి నొప్పేమిటి?”

“మామగారూ, నా ఉద్దేశం అది కాదు...” అని డ్రైవరు నీళ్లు నమిలాడు.

అల్లుడికి భార్య మాట గుర్తొచ్చింది. రెండూ కావాలంది. ఆయన్ని లోపల ఉంచితే మోకాలు పోతుంది. స్ప్రింగును దించి ఆయన్ని దింపితే, ముసలాయన వల్ల ఫైనల్ పోయిందని ఆయన బతికినంతకాలం ఎవరో ఒకరు అంటారు. ఎవరూ అనకపోతే ఆయనే అనుకుంటాడు.

మూడేళ్లు తక్కువ. ఎవరి దగ్గర తేవాలి? తోటమాలికి యాభైరెండు. డ్రైవరుకూ అంతే, మారినా ఒకటే. కెమిస్టు దిగితే రెండేళ్లు పెరుగుతాయి. రెండు వందల తొంభైతొమ్మిది. ఒక్క ఏడు దగ్గర ఆగిపోతుంది. స్టోర్సాయన దిగితే ఇంకా తగ్గుతుంది. మిగిలింది ఎవరు?

లెక్క అంతదూరం వచ్చాక అది తన వైపు వేలు చూపిస్తోందని అతనికి అర్థమైంది. నలభైనాలుగు పోయి యాభైరెండు వస్తే ఎనిమిది పెరుగుతాయి. ఇన్నాళ్లూ జట్టులో చిన్నవాడిగా ఉన్నందుకు అతనికి ఒక గర్వం ఉండేది. స్ప్రింగు వచ్చాక అది కొంత తగ్గింది. ఇప్పుడు ఆ తక్కువ వయసే తనను బయటకు పంపమంటోంది. తొమ్మిదీ తొమ్మిదీ దగ్గర, ఫైనల్లో, చేతులు వేడెక్కి బంతి ఎలా లేపమంటే అలా లేస్తున్న రోజున. ఒక క్షణం అతను నోరు విప్పలేదు. ఆ క్షణం దేవుడు చూసే ఉంటాడని తర్వాత అనుకున్నాడు. ఆరుగురిలో తననొక్కడినే చూసి ఉంటాడని కూడా అనుకున్నాడు.

ఇలాంటి ఆటలోనే, అతను కొత్త అల్లుడిగా ఉన్నప్పుడు, మామగారు ఒక ఫైనల్ ముందు తన చొక్కా విప్పి అతని చేతిలో పెట్టాడు. అప్పుడు వయసు నియమం లేదు, మామగారే కెప్టెను. “ఇవాళ నా చోట నువ్వాడు. పుట్టింటివాళ్ల ముందు నా కూతురి మొగుడు బెంచీ మీద కూర్చుంటే బాగుండదు. ఊరికే కాదు సుమా, ఈ మ్యాచ్ అప్పు” అన్నాడు. ఆ రోజు వాళ్లు గెలిచారు. అప్పటి నుంచి కోపం వచ్చినా, సంతోషం వచ్చినా, భోజనంలో ఉప్పు తగ్గినా, “నా మ్యాచొకటి నీ దగ్గర ఉండిపోయిందోయ్ అల్లుడూ” అంటూనే ఉన్నాడు. మ్యాచ్ ఎలా తిరిగి ఇస్తారో ఇద్దరికీ తెలియదు. అందుకే అది నవ్వులాటగా మిగిలిపోయింది.

“నేను దిగుతాను” అన్నాడు అల్లుడు.

“నీకేమైంది?” అన్నాడు డ్రైవరు. “నువ్వు దిగితే స్ప్రింగుకు బంతి ఎవడు లేపుతాడు?”

“తోటమాలి లేపుతాడు. నేను దిగి ఆయన ఎక్కితే మూడు వందల పద్నాలుగు. అప్పుడు మామయ్య దిగి వాచ్‌మన్‌గారు ఎక్కితే మూడు వందల ఐదు. స్ప్రింగు లోపలే ఉంటాడు.”

కెమిస్టు వేళ్లు ముడిచి చూసుకుని తల ఊపాడు. తోటమాలి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. “నేను మొక్కల్ని లేపుతాను గానీ, బంతిని అల్లుడుగారంత బాగా...” అన్నాడు.

“నెమ్మదిగా లేపండి తాతా, నేను అందుకుంటాను” అన్నాడు స్ప్రింగు.

“తాతేమిట్రా! నాకు యాభైరెండే!”

“ఇవాళ ఎంత ఎక్కువైతే అంత గౌరవం కదండీ.”

మామగారు మాత్రం అల్లుడి చొక్కా పట్టుకున్నాడు. “ఆగు. నా మూలంగా నువ్వు దిగడమేమిటి? నా చోట వాచ్‌మన్ వస్తే సరిపోదూ?”

“సరిపోదు మామయ్యా.”

“ఎందుకు సరిపోదు? ఆయన నాకంటే పరిగెడతాడు.”

“పరిగెడతాడు. కానీ మీ బదులు ఆయనొక్కడు చాలడు. మీ చోటు నిండాలంటే ఆయనా రావాలి, తోటమాలీ రావాలి. అప్పటికి గానీ మూడు వందలు నిలబడదు.”

మామగారు కనుబొమలు ముడిచాడు. పెదవులు కదిలాయి, లోపల ఎక్కడో తీసివేత జరుగుతోంది. అల్లుడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మర్యాద కోసం వెతికి చెప్పిన మాట కూడా కాదు. ఆయన ఎటు నుంచి వేసుకున్నా లెక్క అలాగే తేలింది. ముఖంలో ఏదో నెమ్మదిగా సర్దుకుంది.

“ఏమయ్యా” అన్నాడు వాచ్‌మన్‌తో, “విన్నావా? నా ఒక్కడి చోటు పూడ్చడానికి ఇద్దరు మనుషులు కావాలట.”

“వినిపించింది లెండి. తపాలా వాళ్లకూ వినిపించింది” అన్నాడు వాచ్‌మన్.

“వినిపించనీ.” ఆయన డ్రైవరు వైపు తిరిగాడు. “నిన్ను తీస్తే?”

“నన్ను తీసి తోటమాలిని పెడితే ఏమీ మారదు మామగారూ. ఇద్దరం యాభైరెండే.”

“అదీ సంగతి” అన్నాడు మామగారు. ఆ మాటతో డ్రైవరును క్షమించినట్టు అందరికీ తెలిసింది.

డ్రైవరు బల్ల దగ్గరకు వెళ్లి, “అమ్మా, రెండు మార్పులు. మామగారు దిగుతారు...” అని మొదలుపెట్టాడు.

“ముందు ఆయనే దిగితే మళ్లీ రెండు వందల తొంభైఏడే” అంది హెడ్మాస్టరమ్మ. “ఒక్క క్షణమైనా తగ్గకూడదన్నది నియమం. ముందు అల్లుణ్ని పంపండి.”

ఆవిడ నోట కూడా అల్లుడే. అతను గీత దాటి బయటకొచ్చాడు. తోటమాలి లోపలికెళ్లాడు. నల్లబల్ల మీద మూడు వందల పద్నాలుగు పడింది. చూసేవాళ్లలో ఎవరో, “అరె, నీళ్లవాళ్లు ఉన్నట్టుండి ముసలివాళ్లయ్యారే!” అన్నారు. తర్వాత మామగారు కుంటుకుంటూ గీత దాకా వచ్చి, వాచ్‌మన్ చేతిని తన చేత్తో ఒకసారి తట్టి బయటకొచ్చాడు. ఆవిడ తుడిచి మూడు వందల ఐదు రాసింది.

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. అల్లుడు గుడ్డ నీళ్లతో తడిపి ఆయన మోకాలికి చుట్టాడు. లోపల ఆట సాగింది. తోటమాలి మొదటి బంతిని చాలా ఎత్తుకు లేపాడు. అది దిగేలోపు స్ప్రింగు ఒకసారి ఎగిరి, కిందికి వచ్చి, మళ్లీ ఎగిరి కొట్టాడు. పాయింటు వచ్చింది. రెండో బంతి నెట్టుకు తగిలి తపాలా వాళ్ల వైపు చచ్చినట్టు పడింది. అదీ పాయింటే. తోటమాలి అదంతా కావాలనే చేసినట్టు గంభీరంగా నిలబడ్డాడు. తర్వాత తపాలా వాళ్లు వరసగా కొన్ని తీసుకున్నారు. వాచ్‌మన్ ఒక బంతికి నేల మీద పడి అందుకున్నాడు. అరవైఏళ్ల మనిషి అలా పడటం చూసి రెండు వైపుల వాళ్లూ చప్పట్లు కొట్టారు.

అల్లుడి చేతులు ఒళ్లో ఉన్నా, బంతి లేచినప్పుడల్లా వేళ్లు కదులుతున్నాయి. మామగారు అది చూశాడు.

“లోపలికెళ్లాలని ఉందా?”

“ఉంది.”

“నాకూ ఉంది” అన్నాడాయన. కోర్టు వైపే చూస్తూ, “నా వయసు కోసమే ఉంచారని నీకు ముందే తెలుసు కదూ?” అన్నాడు.

అల్లుడు ఈసారి మర్యాదను పక్కన పెట్టాడు. “తెలుసు మామయ్యా.”

“మా అమ్మాయికి?”

“నాకంటే ముందే తెలుసు.”

“అది వాళ్లమ్మ పోలిక.” ఆయన తడిగుడ్డ అంచు సరిచేసుకున్నాడు. “నేను చేసిన పనులన్నిట్లోకీ నాకు ఏ కష్టం లేకుండా వచ్చింది ఈ వయసొక్కటే. ఊరికే కూర్చున్నా పెరిగింది. అది పనికొచ్చి ఒక కుర్రాడు ఎగురుతున్నాడంటే, పోనీలే అనిపిస్తోంది. అయినా నా సర్వీసు మంచిదే.”

“మంచిదే.”

“ఇది మర్యాదకా?”

“సగం” అన్నాడు అల్లుడు.

ఆయన పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకు డ్రైవరు కోర్టులోంచి తిరిగి చూసి, తనమీదేనేమో అనుకుని బంతి వదిలేశాడు. పదిహేనూ పదమూడుతో కప్పు తపాలా వాళ్లు తీసుకున్నారు. నీళ్లవాళ్లు నెట్టు దగ్గరకు వెళ్లి చేతులు కలిపి వచ్చారు. స్ప్రింగు వచ్చి బెంచీ ముందు నేల మీద కూలబడి, “వచ్చే ఏడు అందరం ఒక్కో ఏడు పెరుగుతాం కదా. ఇంకో ఆరేళ్లు కలిసొస్తాయి” అన్నాడు. డ్రైవరు, “ముందు ఎవరు ఉంటారో చూద్దాం లేరా” అని వాచ్‌మన్ పక్కన కూర్చున్నాడు.

అల్లుడు మామగారి బూటు లేసు వదులు చేస్తున్నాడు. ఆయన అతని తల మీద చేయి వేశాడు. పెళ్లినాటి తర్వాత ఎప్పుడూ వేయలేదు.

“అల్లుడూ, నా మ్యాచొకటి నీ దగ్గర ఉండిపోయింది కదా.”

“అవును మామయ్యా.”

“ముట్టింది” అన్నాడాయన.